కడ్డీ మీది ముద్ర ఎవరిది?

బులియన్ వర్తకంలో ఉన్నవారి నోట ఒక ఫిర్యాదు తరచు వినవస్తుంటుంది. "మేము తీసే బంగారం 995 వన్నె. మెషిన్ మీద పెడితే 995 అనే చూపిస్తున్నది. అయినా లండన్ జాబితాలో మా పేరు లేదని మా కడ్డీని అక్కడ ముట్టుకోరు. బంగారానికి ఊరూ పేరూ ఎందుకు?" అన్నది దాని సారాంశం. ప్రశ్న సబబైనదే. కాని అందులో ఒక పొరపాటు దాగి ఉన్నది. పెద్ద కడ్డీల వ్యాపారంలో కొనుగోలుదారు ఖరీదు కట్టేది బంగారానికి మాత్రమే కాదు. ఆ బంగారం గురించి రిఫైనరు కడ్డీ మీద చెక్కిన అంకెకు కూడా. ఆ అంకెను ఎవరు చెక్కారన్నదే గుడ్ డెలివరీ ప్రమాణానికి మూలం.

ముందు ఆ కడ్డీ సంగతి చూద్దాం. లండన్ గుడ్ డెలివరీ కడ్డీని వాడుకలో 400 ఔన్సుల కడ్డీ అంటారు. కాని సరిగ్గా 400 ఔన్సులు తూగే కడ్డీ అరుదు. అందులోని మేలిమి బంగారం 350 ట్రాయ్ ఔన్సులకు తగ్గరాదు, 430 ఔన్సులకు మించరాదు. ట్రాయ్ ఔన్సు అంటే 31.1035 గ్రాములు. కనుక కడ్డీ దాదాపు 10.9 కిలోల నుంచి 13.4 కిలోల దాకా ఎంతైనా ఉండవచ్చు. వన్నె వెయ్యికి 995కు తగ్గరాదు. కడ్డీ మీద నాలుగు గుర్తులు విధిగా ఉండాలి. అవి వరుస నంబరు, రిఫైనరు ముద్ర, నాలుగు అంకెలలో వన్నె, తయారైన సంవత్సరం. వెండి కడ్డీలకు కూడా ఇటువంటి ప్రమాణమే ఉన్నది. అక్కడ తూకం 750 నుంచి 1100 ఔన్సుల మధ్య, వన్నె 999కి తగ్గకుండా ఉండాలి. మనం ఇక్కడ బంగారం మాటే చూద్దాం.

తూకంలో ఇంత వెసులుబాటు ఎందుకని మన వర్తకులకు అనిపించవచ్చు. మనకు తెలిసిన పది తులాల బిస్కెట్టు ఎక్కడ తూచినా పది తులాలే. కిలో కడ్డీ కిలోయే. కాని కరిగిన లోహాన్ని పెద్ద అచ్చులో పోసినప్పుడు ప్రతి కడ్డీ ఒకే తూకానికి రావాలంటే కోయాలి, చెక్కాలి, తరుగును మళ్లీ కరిగించాలి. అదంతా దండగ ఖర్చు. కేంద్ర బ్యాంకులు, పెద్ద ఖజానాలు చేతులు మార్చుకునే సరుకుకు అంత సోకు అవసరం లేదు. కడ్డీ ఎంత తూగితే అంత తూకమే రాసుకుంటారు. ఖరీదు కడ్డీకి కాదు, అందులోని మేలిమి ఔన్సుకు కడతారు. అందుకే ప్రతి కడ్డీకీ జాబితాలో విడిగా ఒక వరుస ఉంటుంది.

ఒక కడ్డీ లెక్క

ఉదాహరణకు ఒక కడ్డీని లండన్ ఖజానాలో త్రాసు మీద పెట్టారనుకుందాం. త్రాసు 401.362 ఔన్సులు చూపింది. అక్కడి నియమం ప్రకారం బంగారు కడ్డీ తూకాన్ని ఔన్సులో 0.025 వంతు చొప్పున, కింది వైపుకే సరిచేసి రాయాలి. కనుక పుస్తకంలోకి ఎక్కేది 401.350 ఔన్సులు. మిగిలిన 0.012 ఔన్సు, అంటే గ్రాములో మూడో వంతు పైచిలుకు, కొనేవాడికి కలిసివస్తుంది. త్రాసు మొగ్గు ఎప్పుడూ కొనేవాడి వైపే ఉండాలన్నది పాత బజారు మర్యాద. అది అక్కడ నియమంగా నిలిచిపోయింది.

ఇక కడ్డీ మీద వన్నె 995.8 అని చెక్కి ఉన్నది. మొత్తం తూకాన్ని వన్నెతో హెచ్చవేస్తే, అంటే 401.350ని 0.9958తో గుణిస్తే, 399.664 ఔన్సుల మేలిమి తేలుతుంది. అమ్మకం, కొనుగోలు, తాకట్టు, అరువు అన్నీ ఈ 399.664 మీదనే నడుస్తాయి.

ఈ లెక్కలో రెండు అంకెలున్నాయి. మొదటిదైన తూకాన్ని ఎవరైనా, ఎప్పుడైనా, మంచి త్రాసుంటే నిమిషంలో తేల్చుకోవచ్చు. రెండవదైన వన్నెను అలా తేల్చుకోవడం కుదరదు. అది రిఫైనరు చెప్పిన మాట. అందులో వెయ్యికి ఒక వంతు తప్పు దొర్లితే, అంటే 995.8 ఉన్నదానిని 996.8 అని చెక్కితే, ఈ ఒక్క కడ్డీలోనే 0.401 ఔన్సు తేడా వస్తుంది. గ్రాముల్లో దాదాపు పన్నెండున్నర. మన లెక్కలో తులం పైచిలుకు. టన్ను బంగారానికి దాదాపు 80 కడ్డీలు అవుతాయి. టన్నుకు కిలో బంగారం కాగితం మీద మాత్రమే ఉంటుందన్నమాట. కడ్డీని చూసిన కన్నుకు గాని, తూచిన త్రాసుకు గాని ఆ తేడా తెలియదు.

అంకె ఎలా పుడుతుంది?

ఆ వన్నె అంకె ఎలా వస్తుందో తెలిస్తే జాబితా అవసరం దానంతటదే బోధపడుతుంది. బంగారం వన్నె కట్టడానికి వందల ఏళ్లుగా నిలిచిన పద్ధతి అగ్ని పరీక్ష. లోహం కరిగి, బాగా కలిసి ఉన్నప్పుడే మూసలోంచి చిన్న నమూనా తీస్తారు. అందులోంచి అర గ్రాము ముక్కను సూక్ష్మంగా తూచి, కొంత వెండి జోడించి, సీసపు రేకులో చుట్టి, ఎముక బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలోకి తోస్తారు. రాగి వంటి తక్కువ లోహాలను సీసం తనతో కలుపుకొని గిన్నెలోకి ఇంకిపోతుంది. బంగారం, వెండి కలిసిన పూస మిగులుతుంది. ఆ పూసను సాగగొట్టి, చుట్టగా చుట్టి, నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోతుంది. మిగిలిన బంగారాన్ని తూచి మొదటి తూకంతో భాగిస్తే వన్నె వస్తుంది.

చెప్పడానికి ఇది సులువే. పని మాత్రం నాజూకైనది. ఆమ్లంలో సరిగా మరగకపోతే కొంచెం వెండి బంగారంలోనే నిలిచిపోయి వన్నె ఎక్కువ చూపుతుంది. కొలిమి మరీ వేడెక్కితే కొంచెం బంగారం కూడా గిన్నెలోకి ఇంకిపోయి వన్నె తక్కువ చూపుతుంది. అందుకే నిజాయితీగల పరీక్షకుడు తన నమూనాల పక్కనే, మేలిమి అని రూఢిగా తెలిసిన బంగారాన్ని కూడా అదే కొలిమిలో పెడతాడు. దాని ఫలితంలో ఎంత తేడా వచ్చిందో చూసి మిగతా ఫలితాలను అంత మేరకు సవరిస్తాడు.

ఇప్పుడు లెక్క చూడండి. అర గ్రాము అంటే 500 మిల్లీగ్రాములు. అందులో వెయ్యో వంతు అర మిల్లీగ్రాము. పరీక్ష బల్ల మీద అర మిల్లీగ్రాము తప్పిపోతే పన్నెండున్నర కిలోల కడ్డీలో పన్నెండున్నర గ్రాములు తప్పినట్లే. మంచి ప్రయోగశాల వెయ్యికి ఒక వంతును కాదు, అందులో పదో వంతు ప్రాంతాన్ని పట్టుకోవాలి. ఆ చేయి, ఆ కొలిమి, ఆ త్రాసు రోజూ ఒకే తీరుగా పనిచేస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

దుకాణాల్లో ఇప్పుడు విరివిగా ఉన్న ఎక్స్ రే మెషిన్ ఈ పని చేయదా అని అడగవచ్చు. నగల విషయంలో అది ఎంతో ఉపయోగకరం. కాని దాని చూపు బంగారంలో వెంట్రుక మందం కంటే తక్కువ లోతుకే వెళుతుంది. మూడున్నర సెంటీమీటర్ల ఎత్తున్న కడ్డీకి అది పైపూత చూసి చెప్పే జోస్యం మాత్రమే. నీటిలో ముంచి సాంద్రత చూస్తే చాలదా అంటే, టంగ్‌స్టన్ అనే లోహం ఘన సెంటీమీటరుకు 19.25 గ్రాములు తూగుతుంది. బంగారం 19.3. మధ్యలో టంగ్‌స్టన్ దిండు పెట్టి పైన బంగారం పోస్తే నీటి పరీక్ష దాదాపు మోసపోతుంది. శబ్ద తరంగాలను పంపి చూస్తే అది బయటపడుతుంది. కాని 995.8కి, 996.8కి గల తేడా అందులో కూడా తెలియదు. ఇక మిగిలింది కడ్డీకి రంధ్రం వేసి నమూనా తీయడం. చేతులు మారినప్పుడల్లా ఆ పని చేస్తే కడ్డీ జల్లెడ అవుతుంది, బజారు ఆగిపోతుంది.

కాబట్టి లండన్ బజారు ఒక ఒప్పందానికి వచ్చింది. కడ్డీని ప్రతిసారీ పరీక్షించడానికి బదులు, కడ్డీ చేసేవాడిని పరీక్షిద్దాం. అతడి మాట నిలబడుతున్నంత కాలం కడ్డీని ప్రశ్నించకుండా తీసుకుందాం అన్నదే ఆ ఒప్పందం. 1750లో ఇంగ్లండు బ్యాంకు తనకు నమ్మకమైన లోహం కరిగించేవారి, వన్నె కట్టేవారి జాబితా రాసుకోవడంతో ఈ పద్ధతికి నాంది పడింది. 1987లో ఏర్పడిన లండన్ బులియన్ మార్కెట్ అసోసియేషన్ ఇప్పుడు ఆ జాబితాను నిర్వహిస్తున్నది.

జాబితాకెక్కాలంటే

ఆమోదం కోరే రిఫైనరు ముందు తన పూర్వ చరిత్ర చూపాలి. కనీసం మూడేళ్లుగా శుద్ధి పనిలో ఉండాలి. ఏటా పది టన్నులకు తగ్గకుండా బంగారం శుద్ధి చేస్తూ ఉండాలి. నికరమైన ఆస్తి కోటీ యాభై లక్షల పౌండ్లకు తగ్గరాదు. ఇవి చిన్నవారిని గడప దాటనివ్వకుండా చేసే షరతులని కొందరి ఆరోపణ. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని కడ్డీలో లోటు తేలిన రోజున దానిని పూడ్చగల స్థోమత ఉన్నవాడి ముద్రకే విలువ ఉంటుంది. రోజూ కొలిమి వెలిగేచోటే చేయి నిలకడగా ఉంటుంది.

ఆ తరువాతే అసలు పరీక్ష. వన్నె ఎంతో తమకు మాత్రమే తెలిసిన నమూనాలను అసోసియేషన్ పంపుతుంది. అభ్యర్థి తన ప్రయోగశాలలో వాటికి వన్నె కట్టి, నిర్ణీతమైన తేడాకు లోబడి సమాధానం చెప్పాలి. అతడు పోసిన కడ్డీలను, వాటి నమూనాలను రెఫరీలుగా నియమితమైన రిఫైనరీలు విడిగా పరీక్షిస్తాయి. స్విట్జర్లాండులోని మూడు సంస్థలు, దక్షిణాఫ్రికాలోని రాండ్ రిఫైనరీ, జపానులోని తనాకా సంస్థ అటువంటి రెఫరీలు. కడ్డీ ఆకారాన్ని కూడా చూస్తారు. పైన గుంతలు, బుడగలు, పదునైన అంచులు ఉండరాదు. పోత మధ్యలో ఆగితే పక్కన పొరలు పడతాయి. అటువంటి కడ్డీ వన్నె ఎంత బాగున్నా పనికిరాదు. కడ్డీలను ఒకదానిపై ఒకటి భద్రంగా పేర్చాలి కదా!

ఇక్కడితో అయిపోతే ఇది ఒకసారి రాసి మరిచిపోయే పట్టా పరీక్ష అయ్యేది. జాబితా విలువంతా తరువాతి నిఘాలో ఉన్నది. 2004 నుంచి జాబితాలోని రిఫైనర్లను కూడా నిర్ణీత కాలాలలో మళ్లీ పరీక్షిస్తున్నారు. మూడేళ్లకొకసారి వంతు వస్తుంది. 2012 నుంచి బంగారం ఎక్కడినుంచి వచ్చిందో చూపే లెక్కలను కూడా బయటి ఆడిటర్లతో తనిఖీ చేయించుకోవాలి. తప్పినవారి పేరు తొలగించి, పూర్వపు సభ్యుల జాబితాలో తేదీతో సహా ప్రకటిస్తారు. ఆ తేదీకి ముందు చేసిన కడ్డీలు చెల్లుతాయి. తరువాత చేసినవి చెల్లవు. కడ్డీ మీద సంవత్సరం విధిగా ఎందుకు చెక్కాలో దీనిని బట్టి తెలుస్తుంది.

ప్రభుత్వ ముద్ర ఉంటే చాలదా అనే వారికి అమెరికా ఖజానా మంచి జవాబు. ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న కడ్డీలలో అధిక భాగం 1930లలో చలామణి నుంచి ఉపసంహరించిన బంగారు నాణేలను కరిగించి పోసినవి. ఆ నాణేల వన్నె 900. కడ్డీల వన్నె కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నది. బంగారం అసలైనదే, సొంతదారు అమెరికా ప్రభుత్వమే. అయినా లండన్‌లో గుడ్ డెలివరీగా అప్పగించాలంటే దానిని మళ్లీ పుటం పెట్టక తప్పదు. జాబితా ఎవరి హోదానూ చూడదు.

జాబితాకూ ఒక హద్దు ఉంది

ఇంత చెప్పిన తరువాత రెండో పక్కను దాచడం న్యాయం కాదు. 2022 మార్చి 7న, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, లండన్ అసోసియేషన్ ఆరు రష్యన్ రిఫైనరీలను జాబితా నుంచి సస్పెండ్ చేసింది. వాటి వన్నెలో లోపం తేలలేదు. కొలిములు, త్రాసులు మారలేదు. మారింది రాజకీయం, ఆంక్షలు. ఆ తేదీకి ముందు పోసిన రష్యన్ కడ్డీ లండన్ ఖజానాలో ఈనాటికీ చెల్లుతుంది. ఆ తరువాత అదే చేయి, అదే అచ్చులో పోసిన కడ్డీ చెల్లదు.

దీనిని బట్టి జాబితా అంతా మోసమని తేల్చేవారున్నారు. అది తొందరపాటు. దీనివల్ల తెలిసే సంగతి వేరు. గుడ్ డెలివరీ అంటే లోహం గుణం ఒక్కటే కాదు. ఒక నిర్ణీత బజారు ఒక నిర్ణీత రిఫైనరుతో చేసుకున్న ఒప్పందం. ఒప్పందానికి రెండు పక్షాలుంటాయి. బజారు తలుపు ఎవరి చేతిలో ఉంటే వారు దానిని మూయగలరు. ఈ సంగతి గ్రహించిన దేశం చేయవలసింది లండన్‌ను తిట్టడం కాదు. తన బజారుకు తానే అంత కట్టుదిట్టమైన జాబితా తయారుచేసుకోవాలి.

మన స్థితి చూద్దాం. భారతదేశంలో లండన్ గుడ్ డెలివరీ జాబితాకెక్కిన రిఫైనరీ ఒకటే, హర్యానాలోని ఎం.ఎం.టి.సి.-పాంప్. ఇంత బంగారం తెచ్చుకునే దేశానికి ఒక్కటే పేరు! మరోపక్క భారతీయ ప్రమాణాల సంస్థ బులియన్‌కు దేశీయ ప్రమాణం తెచ్చింది. ఇక్కడి సరుకు ఎక్స్ఛేంజీలు దేశీయ రిఫైనరీల కడ్డీలను కూడా డెలివరీకి ఆమోదించడం ప్రారంభించాయి. ఇది మంచి మార్గమే. ముంబాయిలో పుట్టిన కడ్డీ ముంబాయిలో చెల్లడానికి లండన్ అనుమతి ఎందుకు?

కాని మన వర్తకులు ఒక విషయంలో జాగ్రత్త వహించాలి. ప్రమాణం రాయడం సులువు. 995 అని, ముద్ర అని, నంబరు అని కాగితం మీద లండన్ నియమాలను దించుకోవచ్చు. కాగితం మీద రానిది నిఘా. ఖజానాలో ఉన్న కడ్డీల నుంచి చెప్పాపెట్టకుండా నమూనా తీసి, ఆ రిఫైనరుతో ఏ సంబంధమూ లేని ప్రయోగశాలలో మళ్లీ వన్నె కట్టించే ఏర్పాటు ఉండాలి. ఫలితం తప్పినవారి పేరు తేదీతో సహా పదిమందికీ తెలిసేలా ప్రకటించాలి. ఆ తేదీకి ముందు చేసిన కడ్డీల గతి ఏమిటో ముందే రాసి ఉండాలి. లేకుంటే ఒక రిఫైనరు పేరు పోయిన రోజున అతడి పాత కడ్డీలు పట్టుకున్న అమాయకుడు మునిగిపోతాడు. తూకం, వన్నె మీద తగవు వస్తే తీర్చే రెఫరీ ఎవరో, ఖర్చు ఎవరు భరించాలో కూడా ముందే తేలాలి.

ఈ నాలుగూ లేని జాబితా వర్తకుడికి మేలు కంటే కీడే చేస్తుంది. జాబితా లేనప్పుడు వర్తకుడు అనుమానంతో కొంటాడు. వట్టా కోసి, పరీక్ష చేయించి కొంటాడు. వట్టి కాగితపు జాబితా ఉన్నప్పుడు పరీక్ష మానేసి, నిండు ధారణ పోసి కొంటాడు. మోసపోయే అవకాశం రెండో దానిలోనే ఎక్కువ.

కాబట్టి "మా బంగారం 995 కాదా?" అని లండన్‌ను గాని, మన ఎక్స్ఛేంజీలను గాని నిలదీసే రిఫైనర్లకు వర్తకులు వేయవలసిన ఎదురు ప్రశ్న ఒకటే. ఈ రోజు కడ్డీ 995 అయితే కావచ్చు. మూడేళ్ల తరువాత పోసే కడ్డీని ఎవరు, ఎక్కడ, ఎవరి ఖర్చుతో పరీక్షిస్తారు? దానికి తృప్తికరమైన జవాబు చెప్పి, అందుకు కట్టుబడిన రిఫైనరు ఊరు ఏదైనా అతడి కడ్డీని నిండు ధారణకు కొనవచ్చు. జవాబు చెప్పలేనివాడి కడ్డీకి వట్టా కోయడం అన్యాయం కాదు. ఆ వట్టా అతడు చేయించుకోని పరీక్షకు అయ్యే ఖర్చే.